డిబేట్‌లో మొదటి నాలుగు నిమిషాలు: మోడరేటర్ ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు

ఈరోజు ఎపిసోడ్ కాలేజీ స్టూడెంట్స్ కోసం, ముఖ్యంగా మన అనంతపురం వైపు ఇంటర్ కాలేజ్ డిబేట్లు పెట్టేవాళ్ళ కోసం. డిబేట్ అనగానే అందరూ ఎలా వాదించాలి, అవతలివాళ్ళని ఎలా ఖండించాలి అనేదే ప్రాక్టీస్ చేస్తారు. కానీ మైకు మొదట పట్టుకునేది వాళ్ళెవరూ కాదు, మోడరేటర్. తను లేచి, తీర్మానం ఏంటో చెప్పి, రెండు జట్లని పరిచయం చేసి కూర్చుంటాడు. నాలుగు నిమిషాల పని. అందుకే చాలాచోట్ల ఆ పనిని గొంతు బాగున్న ఒకరికి అప్పగించి, "ఏదో నాలుగు మంచి మాటలు చెప్పమ్మా" అంటారు.

ఆ నాలుగు మంచి మాటల దగ్గరే చాలా డిబేట్లు దెబ్బతింటాయి. మోడరేటర్ పని వాదన ఎక్కడుందో గీత గీసి చూపించడం. గీత గీయకపోతే రెండు జట్లూ రెండు వేరే విషయాల మీద మాట్లాడుకుని ఇంటికెళ్తాయి. గీత గీసి తనే ఒకవైపు నిలబడితే, రెండో జట్టు నోరు తెరవకముందే ఓడిపోతుంది. ఈ రెండూ జరగకుండా ఓపెనింగ్ ఎలా తయారుచేసుకోవాలో ఒక ఉదాహరణతో చూద్దాం. నేను మోడరేటర్‌గా కూర్చున్నప్పుడు వాడే పద్ధతి ఇదే.

ఉదాహరణకి మన జిల్లా విషయమే తీసుకుంటున్నా. తీర్మానం ఇది: "అనంతపురం మెట్ట రైతు వేరుశనగ వదిలి పండ్ల తోటలకు మారాలి." ఎందుకు ఇదే అంటే, అనంతపురంలో ఏ కాలేజీ హాల్లోనైనా సగంమందికి ఇంటి దగ్గర చెనక్కాయ చేనో, చీనీ తోటో ఉంటుంది. ఇంట్లో లేకపోతే మేనమామకి ఉంటుంది. అంటే ఇది వాళ్ళకి పుస్తకంలో టాపిక్ కాదు, ఇంట్లో రాత్రి అన్నం దగ్గర నడిచే గొడవ. ఇలాంటి తీర్మానానికి ఓపెనింగ్ కాస్త అటూ ఇటూ అయినా హాలు వెంటనే పసిగడుతుంది.

మొదటి పని మాటల అర్థాలు తేల్చడం. వేదిక ఎక్కాక కాదు, ముందురోజే. ఈ తీర్మానంలో తేల్చాల్సిన మాటలు నాలుగున్నాయి.

ఒకటి, "అనంతపురం". 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండైంది. పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వచ్చింది. కదిరి, ధర్మవరం, హిందూపురం, పెనుకొండ అటు వెళ్ళాయి. వేరుశనగ రకాలకి పేరున్న కదిరి పరిశోధన కేంద్రం కూడా ఇప్పుడు ఆ జిల్లాలోనే ఉంది. ఒక జట్టు ఉమ్మడి జిల్లా లెక్కలు తెచ్చి, ఇంకో జట్టు కొత్త జిల్లా లెక్కలు తెస్తే, ఇద్దరి అంకెలూ కరెక్టే అయినా ఒకదానితో ఒకటి కలవవు. అరగంట అక్కడే పోతుంది. కాబట్టి "2022కి ముందున్న ఉమ్మడి జిల్లా" అని ముందే చెప్పేయాలి.

రెండు, "మెట్ట రైతు". అసలు చిక్కు ఇక్కడుంది. బోరు పడి, డ్రిప్ వేసుకున్న రైతు తోట పెట్టుకోవచ్చని ఎవరైనా ఒప్పుకుంటారు. అనుకూల జట్టు ఆ రైతునే మెట్ట రైతు అనేస్తే డిబేట్ రెండు నిమిషాల్లో అయిపోతుంది. అదే ప్రతికూల జట్టు "మెట్ట రైతు అంటే ఎప్పటికీ చుక్క నీరు దొరకని రైతు" అనేస్తే, చుక్క నీరు లేనిచోట చీనీ పెట్టమని ఎవరూ చెప్పలేరు, అప్పుడూ అయిపోతుంది. రెండూ దొంగదారులే. మధ్యలో నిలబడే అర్థం ఇది: "ఈరోజుకి బోరు గానీ కాలువ గానీ లేకుండా వాన మీదే పంట పెట్టే రైతు." ఈరోజుకి అన్న మాట ముఖ్యం. రేపు నీళ్ళు ఎలా వస్తాయో చూపించే అవకాశం అనుకూల జట్టుకి మిగిలింది. ఎలా రావో చూపించే అవకాశం రెండో జట్టుకీ మిగిలింది.

మూడు, "పండ్ల తోటలు". మనవైపు తోట అనగానే చీనీ, అరటి, దానిమ్మ గుర్తొస్తాయి. అవన్నీ నీటి తోటలు. కానీ మామిడి, సీతాఫలం, చింత, నేరేడు లాంటివి మొక్క నాటిన మొదటి రెండు మూడేళ్ళు బిందెతోనో ట్యాంకరుతోనో నీళ్ళు పోసి బతికిస్తే, తర్వాత చాలావరకు వాన మీదే నెట్టుకొస్తాయి. వీటిని లెక్కలో పెడతామా, తీసేస్తామా? తీసేస్తే అనుకూల జట్టు చేతిలో ఉన్న బలమైన వాదనని మోడరేటర్ లాగేసుకున్నట్టే. అందుకే పెట్టాలి.

నాలుగు, "మారాలి". మారొచ్చు వేరు, మారాలి వేరు. ఊరికి పదిమంది మారి బాగుపడ్డారని చూపిస్తే "మారొచ్చు" నిరూపణ అవుతుంది, "మారాలి" కాదు. అట్లని ప్రతి ఒక్క రైతూ మారాలి అని నిరూపించమంటే అది ఎవరి వల్లా కాదు. "ఎక్కువమందికి అదే మేలైన దారి" అనే అర్థం ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది.

ఇంకో విషయం కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ప్రతికూల జట్టు వేరుశనగనే వెనకేసుకు రావాలా? తీర్మానం ప్రకారం అక్కర్లేదు. తోటలకి మారాలి అనేదాన్ని కాదంటే చాలు. కాబట్టి "వేరుశనగలో కంది కలుపుదాం", "కొర్రలు వేద్దాం" అని వాళ్ళు మూడోదారి చూపించొచ్చు. అది ముందే చెప్పకపోతే డిబేట్ మధ్యలో "ఇది టాపిక్ కాదు సార్" అని గొడవ మొదలవుతుంది.

ఈ అర్థాలన్నీ ఒక చిన్న పేరాగా రాసి, ముందురోజు రెండు జట్ల కెప్టెన్లకీ ఒకేసారి పంపండి. ఒకరికి పొద్దున, ఇంకొకరికి రాత్రి కాదు. ఇద్దరూ "ఓకే" అన్నాకే అది వేదిక ఎక్కాలి. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు కోడ్ రాసేముందు రిక్వైర్మెంట్ మీద క్లయింట్ దగ్గర ఓకే తీసుకునేవాళ్ళం. ఇదీ అట్లాంటిదే. తర్వాత "మేం అనుకున్నది అది కాదు" అనే మాట రాకూడదు.

రెండో పని, రెండు జట్లూ కాదనని నిజాలు ఎంచుకోవడం. మూడు చాలు. ఓపెనింగ్‌లో నిజాలు చెప్పేది హాలంతా ఒకే నేల మీద నిలబడటానికి. మోడరేటర్ ఎంత చదివాడో చూపించుకోవడానికి కాదు. ఒక నిజం ఏదో ఒక జట్టు వాదనలో ప్రధానమైన పాయింట్ అయితే దాన్ని మీరు చెప్పకండి, వాళ్ళకి వదిలేయండి. ఉదాహరణకి తాడిపత్రి నుంచి అరటి రైళ్ళలో ముంబై ఓడరేవుకి వెళ్ళి, అక్కడి నుంచి విదేశాలకి ఎగుమతి అయింది. అది నిజమే. కానీ అది అనుకూల జట్టు మొదటి స్పీకర్ చెప్పాల్సిన మాట. అట్లనే వానలు లేని ఏళ్ళలో బోర్లు ఎండి, కాపు కాసే చీనీ చెట్లని రైతులే నరికేసుకున్నారు. అదీ నిజమే. కానీ అది ప్రతికూల జట్టు మాట. ఈ రెంట్లో ఏది మోడరేటర్ నోట్లోంచి వచ్చినా, ఆ జట్టుకి ఒక ఉచిత నిమిషం ఇచ్చినట్టే.

ఇంకా పెద్ద ప్రమాదం, అందరూ చెప్పుకునే అబద్ధం. మన జిల్లా గురించి మాట్లాడే ప్రతి సభలో ఒక వాక్యం వినబడుతుంది: "దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడేది అనంతపురంలోనే." చిన్నప్పటి నుంచి విన్నాం కాబట్టి ఓపెనింగ్‌లో పెట్టేయాలని చేయి లాగుతుంది. ఒక్క నిమిషం ఆలోచించండి. మన ఉమ్మడి జిల్లా సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. రాజస్థాన్‌లోనే జైసల్మేర్ పక్కనున్న బార్మేర్, బికనేర్, జోధ్‌పూర్‌లలో 400 కూడా పడదు. లడఖ్‌లోని లేహ్‌లో అయితే 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అంటే ఆ వాక్యం నిలబడదు. ప్రతికూల జట్టులో ఒక్క స్టూడెంట్ ఈ లెక్క తెలిసినవాడు ఉంటే, మోడరేటర్ పరువు మొదటి నిమిషంలోనే పోతుంది. ఇక తర్వాత టైం అయిపోయిందని బెల్లు కొట్టినా ఎవరూ వినరు.

పైగా ఆ అబద్ధం అసలు సమస్యని దాచేస్తుంది. మన కష్టం వాన మొత్తం తక్కువ కావడం ఒక్కటే కాదు, అది పడే టైం. నైరుతి మేఘాలు పడమటి కనుమలు దాటేసరికి అక్కడే కురిసి ఖాళీ అయిపోతాయి, మనం ఆ కొండల వాననీడలో ఉన్నాం. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసపడతాయి. మధ్యలో పడే వాన కూడా నాలుగు రోజులు దంచి, తర్వాత మూడు నాలుగు వారాలు మొహం చాటేస్తుంది. దాన్నే బెట్ట అంటాం. వేరుశనగ పూత వచ్చి ఊడలు దిగేటప్పుడు, లోపల కాయ ఊరేటప్పుడు నేలలో పదును లేకపోతే చేను పైకి పచ్చగా ఉన్నా కింద బుడ్డలు ఉండవు. ఏడాది చివర వాన లెక్క చూస్తే సగటుకి దగ్గరగానే ఉంటుంది, రైతు చేతికి మాత్రం గడ్డి మిగులుతుంది. కాబట్టి ఓపెనింగ్‌లో చెప్పాల్సిన నిజం "వాన ఎంత" అనేదానితో పాటు "ఎప్పుడు పడుతుందో నమ్మకం లేదు" అనేది.

మూడో పని, అంకెల చుట్టూ ఉండే చిన్న మాటల్ని తీసేయడం. "550 మిల్లీమీటర్లు" అంటే నిజం. "కేవలం 550 మిల్లీమీటర్లు" అంటే అభిప్రాయం. "ఎండిపోతున్న వేరుశనగ", "సిరులు పండించే తోటలు" అన్నారంటే అనుకూల జట్టులో మీరు నాలుగో మెంబర్ అయిపోయారు. "తాతల నాటి నుంచి మన కడుపు నింపిన చెనక్కాయ" అంటే రెండో జట్టులో చేరిపోయారు. రాసుకున్నాక ఇట్లాంటి విశేషణాలన్నీ పెన్నుతో గుండ్రంగా చుట్టి, ఒక్కొక్కటే కొట్టేయండి. వాక్యం కాస్త చప్పగా అవుతుంది. పర్లేదు, ఉప్పూకారం వేయడానికి ఆరుగురు స్పీకర్లు కూర్చునున్నారు.

నాలుగో పని, అసలు ప్రశ్న ఒక్క వాక్యంలో పెట్టడం. "ఏ పంటకి ఎకరాకి ఎక్కువ డబ్బొస్తుంది" అని పెట్టారనుకోండి, మంచి ఏడాది లెక్క వేస్తే తోట గెలుస్తుంది. "ఏ పంటకి తక్కువ పెట్టుబడి" అని పెడితే వేరుశనగ గెలుస్తుంది. ప్రశ్నలోనే జవాబు ఉంటే అది ప్రశ్న కాదు. రెండు జట్లకీ సమానంగా కష్టంగా ఉండేది వెతకాలి. ఇక్కడ అది ఇది: వాన రాని ఏడాదిని తట్టుకుని, మరుసటి ఏడాదికి రైతుని నిలబెట్టేది ఏది? వేరుశనగ పోతే ఒక కారు పోతుంది, కానీ అది మళ్ళీ మళ్ళీ పోతుంది. చీనీ తోట పోతే ఎప్పుడో ఒకసారే పోతుంది, కానీ నాలుగైదేళ్ళు పెంచినది ఒకేసారి పోతుంది. ఎవరికీ సులువు కాదు. అదే మంచి ప్రశ్న గుర్తు.

ఐదో పని జట్ల పరిచయం. ఇక్కడ రూల్ ఒక్కటే: రెండు పరిచయాలూ ఒకే అచ్చులో ఉండాలి. కాలేజీ పేరు, ఏ వైపు, ముగ్గురి పేర్లు, ఏం చదువుతున్నారు. ఒక జట్టుని "పోయినేడు విన్నర్స్" అని, ఇంకో జట్టుని "మొదటిసారి వచ్చారు, ప్రోత్సహించండి" అన్నారంటే జడ్జీల చెవిలో మార్కులు వేసేసినట్టే. పేర్లు ఆ పిల్లల నోటితోనే ఒకసారి చెప్పించుకుని, తెలుగులో రాసుకోండి. ఇంటిపేరు ముందా వెనకా, ఇనీషియల్ చదవాలా వద్దా, వాళ్ళనే అడగండి. ఒక జట్టు పేర్లు గడగడా చదివి, రెండో జట్టు పేర్ల దగ్గర తడబడితే ఆ అమ్మాయి మొదటి వాక్యమే బెదిరిపోయి మొదలుపెడుతుంది.

ఈ తీర్మానానికి ఇంకో జాగ్రత్త ఉంది. "ఈ జట్టులో ఇద్దరు రైతు బిడ్డలు" అని మాత్రం అనకండి. మన ఊళ్ళలో ఆ మాటకి బరువెక్కువ. ఇక వాళ్ళు ఏం చెప్పినా అనుభవం, అవతలివాళ్ళు ఏం చెప్పినా పుస్తకం అయిపోతుంది. అవతలి జట్టులో కూడా రైతు బిడ్డలు ఉండొచ్చు, వాళ్ళు చెప్పుకోలేదు, అంతే.

దానికన్నా ముఖ్యం, ఏ వైపు ఎవరిదో చీటీ వేసి నిర్ణయించామని గట్టిగా చెప్పడం. ఇది లాంఛనం కాదు. ఇప్పుడు ప్రతి డిబేట్‌నీ ఎవరో ఒకరు ఫోన్‌లో తీస్తారు. అందులో ముప్పై సెకండ్ల ముక్క సాయంత్రానికల్లా ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. చెనక్కాయ పండించే ఇంటి అబ్బాయి "వేరుశనగ వదిలేయాలి" అని అరుస్తున్న క్లిప్ వాళ్ళ నాన్న చూస్తాడు, పక్కింటాయన చూస్తాడు. "మన పంటని మనవాడే తీసిపారేశాడే" అంటారు. "వీళ్ళు మాట్లాడేది చీటీలో వచ్చిన వైపు, సొంత అభిప్రాయం కావాలని లేదు" అని మోడరేటర్ రికార్డు అయ్యేలా చెప్పి ఉంటే, ఆ అబ్బాయి ఇంట్లో చూపించడానికి ఒక ఆధారం ఉంటుంది. ఆ రెండు వాక్యాలు నేనెప్పుడూ వదలను.

ఇప్పుడు ఇవన్నీ కలిపి ఓపెనింగ్ ఎలా ఉంటుందో వినండి. నేను వేదిక మీద నిదానంగా మాట్లాడితే నిమిషానికి వంద పదాలు దాటవు, కాబట్టి నాలుగు నిమిషాలకి నాలుగు వందల పదాల లోపే రాసుకుంటా. పేర్లు వచ్చేచోట ఖాళీ వదిలేస్తున్నా.

"అందరికీ నమస్కారం. ఈరోజు మన ముందున్న తీర్మానం: అనంతపురం మెట్ట రైతు వేరుశనగ వదిలి పండ్ల తోటలకు మారాలి. ఇంకోసారి చదువుతాను. అనంతపురం మెట్ట రైతు వేరుశనగ వదిలి పండ్ల తోటలకు మారాలి.

ముందుగా మాటల అర్థాలు. ఇవి రెండు జట్లూ నిన్ననే ఒప్పుకున్నవి. అనంతపురం అంటే 2022కి ముందున్న ఉమ్మడి జిల్లా. మెట్ట రైతు అంటే ఈరోజుకి బోరు గానీ కాలువ గానీ లేకుండా వాన మీదే పంట పెట్టే రైతు. పండ్ల తోట అంటే చీనీ, అరటి, దానిమ్మ లాంటి నీటి తోటలు, మామిడి, సీతాఫలం, చింత లాంటి మెట్ట తోటలు కూడా. మారాలి అంటే ఎక్కువమందికి అదే మేలైన దారి అని. ప్రతికూల జట్టు వేరుశనగనే సమర్థించాలని లేదు, వేరే దారి కూడా చూపించొచ్చు.

రెండు జట్లూ ఒప్పుకునే విషయాలు మూడు. ఒకటి, ఇక్కడ ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అది ఎప్పుడు పడుతుందో నమ్మకం లేదు. రెండు, వేరుశనగ మూడున్నర నాలుగు నెలల్లో చేతికొస్తుంది, చీనీ చెట్టు సరిగ్గా కాపుకి రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. మూడు, రెండూ బాగా పండిన ఏళ్ళు ఈ జిల్లా చూసింది, రెండూ ఎండిన ఏళ్ళూ చూసింది.

కాబట్టి ఈరోజు ప్రశ్న: వాన రాని ఏడాదిని తట్టుకుని, మరుసటి ఏడాదికి రైతుని నిలబెట్టేది ఏది? వాన మీదే బతికే రైతుకి చెట్టు కాపుకొచ్చేదాకా నీళ్ళు ఎక్కడివి, ఆ ఏళ్ళలో ఇల్లు ఎలా నడుస్తుంది అన్నదానికి అనుకూల జట్టు జవాబు చెప్పాలి. పదేపదే బెట్టకి గురయ్యే మెట్ట పొలంలో తోట కాకపోతే ఇంకేంటి, దాంతో రైతు ఇల్లు ఎలా నిలబడుతుంది అన్నదానికి ప్రతికూల జట్టు జవాబు చెప్పాలి.

నా కుడివైపు అనుకూల జట్టు, ఫలానా కాలేజీ నుంచి ఫలానా ముగ్గురు. నా ఎడమవైపు ప్రతికూల జట్టు, ఫలానా కాలేజీ నుంచి ఫలానా ముగ్గురు. ఎవరు ఏ వైపు అన్నది పొద్దున చీటీ వేసి తేల్చాం. వీళ్ళు మాట్లాడేది చీటీలో వచ్చిన వైపు, సొంత అభిప్రాయం కావాలని లేదు.

ఒక్కో స్పీకర్‌కి ఐదు నిమిషాలు, ఒకరి తర్వాత ఒకరు అటూ ఇటూ. చివర ఖండనకి జట్టుకి మూడు నిమిషాలు. నాలుగో నిమిషానికి ఒక బెల్లు, ఐదుకి రెండు. ఇప్పుడు మీరంతా ఒకసారి చేతులెత్తి ఓటు వేయండి, తర్వాత అనుకూల జట్టు మొదటి స్పీకర్‌ని పిలుస్తాను."

అంతే. ఇందులో ఒకటి గమనించండి. అనుకూల జట్టు ఏం జవాబు చెప్పాలో చెప్పే వాక్యంలో పద్దెనిమిది పదాలు, ప్రతికూల జట్టు వాక్యంలోనూ పద్దెనిమిదే. కావాలనే లెక్కపెట్టి రాశా. పొడుగు సమానంగా ఉంటే న్యాయం జరిగిపోయిందని కాదు. కానీ ఒకవైపు వాక్యం రెట్టింపు ఉందంటే మీ మనసు ఎటుందో అక్కడే దొరికిపోతుంది.

చివర్లో ఓటు అన్నా కదా, అది ఓపెనింగ్ తర్వాతే ఎందుకు? చాలాచోట్ల హాల్లోకి రాగానే ఓటు తీసుకుంటారు. లెక్క చూద్దాం. హాల్లో 200 మంది. ముందు అనుకూలం 120, ప్రతికూలం 60, తేల్చుకోనివాళ్ళు 20. డిబేట్ అయ్యాక అనుకూలం 110, ప్రతికూలం 80, తేల్చుకోనివాళ్ళు 10. చేతులు అనుకూలానికే ఎక్కువ, కానీ ఓట్లు పెంచుకున్నది ప్రతికూల జట్టు, 20 పెరిగాయి. ఈ పద్ధతిలో వాళ్ళే గెలిచారు. ఇప్పుడు మొదటి ఓటు ఓపెనింగ్‌కి ముందే తీసుకున్నారనుకోండి. ఆ 20లో స్పీకర్లు తెచ్చినవి ఎన్ని, "ఓహో, బోరు లేని రైతు గురించా" అని మోడరేటర్ మాటతో మారినవి ఎన్ని? విడదీయలేం. ఓపెనింగ్ తర్వాత ఓటు పెడితే, అందరూ ఒకే అర్థం మీద చెయ్యెత్తుతారు, మోడరేటర్ ప్రభావం ఏదైనా ఉంటే అది మొదటి లెక్కలోనే కలిసిపోతుంది. తర్వాత మారినదంతా జట్ల కష్టమే.

ఇక టెస్టింగ్. ఓపెనింగ్ రాశాక తీర్మానం మీద మీ అభిప్రాయం తెలియని ముగ్గురికి చదివి వినిపించండి. ఒక్కటే అడగండి: "నేను ఏ వైపు అనిపిస్తోంది?" ముగ్గురూ తెలియట్లేదంటే మంచిది. ఒకరు అటు, ఒకరు ఇటు అన్నా పర్లేదు. ఇద్దరు ఒకే వైపు అన్నారంటే ఏ మాట దగ్గర అట్లా అనిపించిందో అడిగి, ఆ మాట మార్చండి. వాళ్ళు సరిగ్గా వేలుపెట్టి చూపిస్తారు, చాలాసార్లు అది ఒక విశేషణమో, ముందు వెనకల వరసో అయ్యుంటుంది.

ఈ పద్ధతికి ఒక హద్దు కూడా ఉంది. తీర్మానమే వంకరగా ఉంటే ఓపెనింగ్ దాన్ని సరిచేయలేదు. "అనంతపురం రైతుకి నీళ్ళివ్వాలి" అని తీర్మానం పెట్టారనుకోండి, దానికి వ్యతిరేకంగా ఏ కాలేజీ మాట్లాడుతుంది? అట్లాంటిది వచ్చినప్పుడు మోడరేటర్ చేయగలిగింది ఒక్కటే, వారం ముందే నిర్వాహకుల దగ్గరికెళ్ళి "దీన్ని మార్చండి" అనడం. "తుంగభద్ర, హంద్రీనీవా నీళ్ళు ముందు చెరువులకా, తాగునీటికా, తోటలకా" అని అడిగితే అప్పుడు రెండు వైపులు పుడతాయి.

నిష్పాక్షికత అంటే మోడరేటర్‌కి అభిప్రాయమే ఉండకూడదని కాదు. దీనికి మన జిల్లా మనిషే ఉదాహరణ. ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకి గెలిచి స్పీకర్ అయ్యారు. అయ్యాక కాంగ్రెస్ పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేశారు. అప్పటికే ఆయన ముఖ్యమంత్రిగా చేసి, ఆ పార్టీకి జాతీయ అధ్యక్షుడిగా కూడా ఉన్న మనిషి. రాజకీయ అభిప్రాయాలు ఆయనకి ఎందుకు లేవు, ఉన్నాయి. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ అవి ఆ కుర్చీవి కావని అందరికీ కనబడేలా చేశారు. కాలేజీ మోడరేటర్ రాజీనామా చేయడానికి ఏమీ ఉండదు. విశేషణాలు కొట్టేయడం, పదాలు లెక్కపెట్టడం, చీటీ సంగతి గట్టిగా చెప్పడం, ఇవే తన రాజీనామా పత్రం.

మీ కాలేజీలో వచ్చే డిబేట్‌కి మోడరేటర్‌గా మిమ్మల్ని పెడితే, ముందు తీర్మానం ఒక కాగితం మీద రాసి, అందులో ఎన్ని మాటలకి రెండేసి అర్థాలు వస్తాయో గుర్తుపెట్టండి. ఈరోజు మన తీర్మానంలో నాలుగు దొరికాయి. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే తీర్మానం మీద ఖండన మూడు నిమిషాల్లో ఎలా చేయాలో చూద్దాం. ఉంటానండి.